ఫొటోలో ఉన్న కార్డ్స్ పేజీని టెక్స్ట్‌గా మార్చడం ఎలా: ప్రతి కార్డ్ తన అక్షరం మీదే నిలబడేలా

పాట సాహిత్యం, దాని పైన గిటార్ కార్డ్స్ రాసిన కాగితాన్ని ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెడతారు. దాన్ని టెక్స్ట్‌గా మార్చుకుందామని కూర్చుంటే పదాలు వస్తాయి, కార్డ్స్ కూడా వస్తాయి, కానీ ఏ కార్డ్ ఏ పదం మీద ఉండాలో అది మాత్రం రాదు. ఎక్కువమంది అడిగేది ఇదే: "స్పేస్‌లు కొట్టి సరిగ్గా పెట్టాను, అవతలి ఫోన్‌లో తెరిస్తే అన్నీ పక్కకి జరిగిపోయాయి, ఎందుకు?"

ఎందుకంటే మనం ఫొటోలో కనిపించే ఖాళీని కాపీ చేస్తున్నాం. కార్డ్‌కి సంబంధం ఖాళీతో కాదు, అక్షరంతో. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ముందు ప్రతి కార్డ్‌ని ఏ అక్షరం దగ్గర మారుతుందో ఆ అక్షరానికి కట్టేస్తాం, పైన అమర్చే పని చివర్లో చేస్తాం. ఈ వరస తిప్పేస్తే మాత్రం ఒకే పేజీని మళ్లీ మళ్లీ సర్దుకుంటూ కూర్చోవాలి.

ఉదాహరణకి G స్కేల్‌లో ఉన్న రెండు లైన్లు తీసుకుందాం, ఈ మార్గదర్శి కోసం రాసినవే:

```
చెరువు గట్టున సాయంత్రం
గాలి పాడే ఓ రాగం
```

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఫొటో, వీలైతే అసలు కాగితం కూడా
- గిటార్ గానీ కీబోర్డు గానీ. కార్డ్స్ చెవితో సరిచూడకుండా ఈ పని పూర్తికాదు
- పాట రికార్డింగ్, లేదా పాట బాగా వచ్చిన మనిషి
- కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ లాంటి మామూలు ఎడిటర్. ఫాంట్ కన్సోలాస్ లేదా కొరియర్ న్యూ

ఫాంట్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఈ రెండింటిలో ప్రతి ఇంగ్లిష్ అక్షరం ఒకే వెడల్పు ఉంటుంది, i అయినా m అయినా ఒకటే, స్పేస్ కూడా అంతే. పై లైన్లో తొమ్మిదో గడిలో ఉన్నది కింది లైన్లో తొమ్మిదో గడి మీదే కూర్చోవడానికి కారణం అదే. మామూలు ఫాంట్లలో i సన్నగా, m వెడల్పుగా ఉంటాయి కాబట్టి గడుల లెక్క అక్కడ పనిచేయదు.

ఫోన్‌లోనే చేస్తామంటే చేయొచ్చు గానీ, ముందు కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రెండుసార్లు స్పేస్ కొడితే ఫుల్‌స్టాప్ పడే ఆప్షన్ ఉంటుంది, అది ఆపేయండి. మనం కొట్టేవే వరస స్పేస్‌లు కదా, అది ఆన్‌లో ఉంటే కార్డ్స్ మధ్య చుక్కలు పడుతూనే ఉంటాయి. ఆటోకరెక్ట్ కూడా ఆపండి, Am, Em లాంటివి దానికి తప్పు పదాల్లా కనిపిస్తాయి.

## 2. ఫొటో సరిగ్గా ఉందా లేదా చూడండి

కాగితం మీ దగ్గరే ఉంటే ఉన్న ఫొటోతో కుస్తీ పట్టకుండా మళ్లీ తీయండి. పగటి వెలుతురులో కిటికీ పక్కన బల్ల మీద కాగితం పరిచి, ఫోన్ నిటారుగా పైనుంచి పట్టుకుని, నాలుగు అంచులూ ఫ్రేములో పడేలా తీయాలి. ట్యూబ్‌లైటు కింద నిలబడితే మీ చేతి నీడే కార్డ్స్ మీద పడుతుంది.

ఇక్కడ రెండు విషయాలు కార్డ్ స్థానాన్ని నేరుగా చెడగొడతాయి. ఒకటి వంకర: ఫొటో కొద్దిగా పక్కకి వాలితే లైన్ కుడి చివర కార్డ్స్ పైకో కిందకో జరిగి, పై లైన్ సాహిత్యానివా కింది దానివా అన్నది తెలియకుండా పోతుంది. రెండోది పుస్తకం మడత: కుట్టు దగ్గర కాగితం వంగి ఉంటుంది కాబట్టి అక్కడి అక్షరాలు ఇరుకై, కార్డ్స్ పక్కకి లాగినట్టు కనిపిస్తాయి. వంకరని స్కానింగ్ యాప్‌లో నాలుగు మూలలు లాగి సరిచేయొచ్చు. మడతని అలా సరిచేయలేం, పుస్తకాన్ని చేత్తో అదిమిపట్టి తీయాల్సిందే.

ఫొటో వేరేవాళ్లు పంపాల్సి ఉంటే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది, అప్పుడు ముందు పోయేవి చిన్న గుర్తులే: F పక్కన ఉన్న #, A పక్కన ఉన్న 7.

ముందుకి వెళ్లేముందు ఫొటోని పెద్దది చేసి చూడండి:

- ప్రతి కార్డ్ పక్కన ఉన్న m, 7, # స్పష్టంగా చదవగలుగుతున్నారా?
- ప్రతి కార్డ్ లైను ఏ సాహిత్యం లైనుకి చెందిందో అనుమానం లేకుండా తెలుస్తోందా?
- పేజీ పైనా కిందా మూలల్లో కేపో, స్కేల్, తాళం లాంటివి రాసి ఉంటే అవి ఫ్రేములో ఉన్నాయా?

మూడోది చాలామంది వదిలేస్తారు. "కేపో 2" అన్న చిన్న మాట కట్ అయిపోతే, మీరు రాసిన కార్డ్స్ అన్నీ సరిగ్గా ఉండి కూడా రికార్డింగ్‌తో కలవవు.

## 3. టైపు కొట్టకముందే కార్డ్స్ లెక్కపెట్టండి

ఒక చిన్న కాగితం మీద, ఫొటోలో ఒక్కో లైనుకి ఎన్ని కార్డ్స్ ఉన్నాయో వరసగా రాసుకోండి. మన ఉదాహరణలో మొదటి లైనుకి నాలుగు, రెండో దానికి మూడు. రెండు నిమిషాల పని, కానీ చివర్లో ఏదైనా కార్డ్ జారిపోయిందా అని పట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

రాసినవాళ్ల అలవాటు ఏమిటో కూడా ఇప్పుడే గమనించండి. కొందరు మైనర్‌కి Em అని రాయకుండా చిన్న e రాస్తారు, కొందరు E- అని గీత పెడతారు. కొందరు ఒక కార్డ్ రెండు లైన్ల పాటు సాగితే రెండో లైను పైన ఏమీ రాయరు. కొందరు మొదటి చరణానికే కార్డ్స్ రాసి, మిగతావాటికి "ఇదే మాదిరి" అని వదిలేస్తారు. ఇవన్నీ అర్థమయ్యాక మొత్తం పేజీకి ఒకే పద్ధతి పెట్టుకోండి: మైనర్ అంటే m, షార్ప్ అంటే #, ఫ్లాట్ అంటే చిన్న b.

## 4. ముందు సాహిత్యం ఒక్కటే తీయండి

అచ్చు వేసిన పేజీ అయితే గూగుల్ లెన్స్‌తోనో, ఫొటోని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిచో టెక్స్ట్ తీసుకోవచ్చు, తెలుగు కూడా బాగానే వస్తుంది. చేతిరాత అయితే దాంతో కాలం వృథా చేయకండి, చూసి టైపు కొట్టడమే త్వరగా అవుతుంది.

తీసిన టెక్స్ట్ ఎలా ఉంటుందో చూడండి:

```
G Ern C 0
చెరువు గట్టున సాయంత్రం
Arn D 6
గాలి పాడే ఓ రాగం
```

Em అన్నది Ern అయింది, D సున్నా అయింది, G ఆరు అయింది. ఖాళీలన్నీ ఒక్కో స్పేస్‌కి కుదించుకుపోయాయి. ఈ కార్డ్ లైన్లని బాగుచేద్దామని చూడొద్దు, మొత్తంగా తీసేయండి. స్థానం ఎలాగూ పోయింది, పేర్లు కూడా నమ్మడానికి లేదు, ఫొటో చూసి కార్డ్స్ మళ్లీ కొట్టుకోవడమే మంచిది. సాహిత్యం మాత్రం ఉంచుకుని, వత్తులూ దీర్ఘాలూ ఒకసారి సరిచూసుకోండి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి: సాహిత్యం తెలుగు లిపిలో ఉంచాలా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలా? కార్డ్స్ పై లైన్లో, పదాలు కింది లైన్లో ఉండే మామూలు టెక్స్ట్ కావాలంటే ఇంగ్లిష్ అక్షరాలే నమ్మకం. తెలుగు మీద మమకారం లేక కాదు, గడుల లెక్క తెలుగులో నిలబడదు కాబట్టి. ఘ వెడల్పు, ర వెడల్పు ఒకటి కాదు. స్త్రీ అన్నది కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్ లోపల అది ఆరు గుర్తుల వరస. పైగా కన్సోలాస్‌లో తెలుగు అక్షరాలు లేవు, ఫోన్ గానీ కంప్యూటర్ గానీ తన దగ్గరున్న వేరే తెలుగు ఫాంట్ తెచ్చి చూపిస్తుంది, ఆ ఫాంట్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ స్క్రీన్ మీద సరిగ్గా కుదిరింది పక్కవాడి ఫోన్‌లో కుదరకపోవడానికి అసలు కారణం ఇదే. తెలుగు లిపే కావాలనుకునేవాళ్లకి దారి ఎనిమిదో మెట్టులో ఉంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘానికి aa, హ్రస్వానికి a అని పెట్టుకుంటే పాట మొత్తం అదే పాటించండి. ఒక చోట gaali, ఇంకో చోట gali అని ఉంటే పాడేవాళ్లు ఆ ఒక్క క్షణం తడబడతారు.

## 5. కార్డ్‌ని అక్షరానికి కట్టండి

మొత్తం పనిలో అసలైన మెట్టు ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ప్రతి కార్డ్‌ని చదరపు బ్రాకెట్లో పెట్టి, అది ఏ అక్షరం దగ్గర మారుతుందో సరిగ్గా దాని ముందు రాయాలి, మధ్యలో స్పేస్ లేకుండా:

```
[G]cheruvu [Em]gattuna [C]saayan[D]tram
[Am]gaali [D]paade o [G]raagam
```

ఇలా రాసుకుంటే ఏ ఫాంట్‌లో తెరిచినా, ఎవరికి పంపినా కార్డ్ తన చోటు వదలదు. కార్డ్స్ చూపించే యాప్‌లు చాలావాటికి ఈ బ్రాకెట్ పద్ధతి తెలుసు, దీన్ని కార్డ్‌ప్రో అంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏ అక్షరమో ఎలా తెలుస్తుంది? ఫొటో ఒక సూచన ఇస్తుంది, అంతే. రాసినాయన తొందరలో కార్డ్‌ని పదం మొదట్లోనే పెట్టి ఉండొచ్చు, లేదా చోటు లేక కొంచెం పక్కకి రాసి ఉండొచ్చు. మన పేజీలో రెండో లైను G, ఫొటోలో "ఓ" మీద ఉన్నట్టు కనిపిస్తోంది అనుకుందాం. పాడి చూడండి. చేత్తో తాళం వేస్తూ పాడితే "ఓ" దెబ్బకి ముందే వచ్చేస్తుంది, దెబ్బ పడేది "రా" మీద. అంటే "ఓ" అనేది అంతకుముందున్న D లోనే పాడేసి, "రా" దగ్గర G కి మారాలి. ఫొటో ఏం చెప్పినా బ్రాకెట్ raagam ముందే పెట్టాలి.

ఇదే అసలు సూత్రం అనుకోండి: కార్డ్ మారేది దాదాపు ఎప్పుడూ దెబ్బ మీద. ఓ, ఆ, నా, నీ లాంటి చిన్న మాటలు తరచుగా దెబ్బకి ముందు జారి వస్తాయి. ఫొటోలో కార్డ్ అలాంటి మాట మీద కనిపిస్తే ఆగి, తాళం వేసి చూడండి.

మొదటి లైను చివర ఇంకో రకం ఉంది. సాయంత్రం అన్న ఒకే పదంలో రెండు కార్డ్స్: "సా" మీద C, "త్రం" మీద D. ఇలాంటప్పుడు పదాన్ని విడగొట్టొద్దు, బ్రాకెట్ మధ్యలో పెట్టేస్తే చాలు. saayan[D]tram అని చూడటానికి ఇబ్బందిగా ఉన్నా, పైకి ఎత్తాక మామూలుగా అయిపోతుంది.

మరి పదాలు లేని చోట కార్డ్ మారితే? రెండు రకాలు. పాడేవాళ్లు ఒక అచ్చుని సాగదీస్తూ ఉండగా మారితే, సాగుతున్న అక్షరం తర్వాత గీతలు పెట్టి వాటి మధ్యలో కట్టండి: raa--[C]--gam. అసలు పాట ఆగి వాయిద్యం మాత్రమే ఉంటే, లైను చివర కార్డ్‌ని వదిలేయండి: raagam [D]. పాట మొదట్లో వచ్చే వాయిద్య భాగానికి బ్రాకెట్లు అక్కర్లేదు, గీతలతో విడిగా రాయండి:

```
Intro: G | Em | C | D
```

## 6. వాయిస్తూ సరిచూడండి

టైపు చేసింది మాత్రమే చూస్తూ, ఫొటో పక్కన పెట్టేసి, పాట మొత్తం నెమ్మదిగా వాయించండి. ఎక్కడ చెవికి తేడా కొట్టిందో అక్కడ గుర్తు పెట్టుకుని, ఆపైన ఫొటో చూడండి.

స్కేల్ తెలిస్తే తప్పులు త్వరగా దొరుకుతాయి. G స్కేల్‌లో మామూలుగా వచ్చే కార్డ్స్ G, Am, Bm, C, D, Em. మీ పేజీలో B అని ఒకటి ఉంటే, పక్కన m చెరిగిపోయిందేమో అన్న అనుమానం రావాలి. అయితే అనుమానం వచ్చిందని వెంటనే మార్చేయొద్దు. Em కి వెళ్లేముందు కావాలనే B లేదా B7 వాయించే పాటలు బోలెడు ఉన్నాయి. రెండూ వాయించి, రికార్డింగ్‌తో కలిపి విని తేల్చుకోండి. అప్పటికీ తేలకపోతే ఫొటోలో ఉన్నదే ఉంచి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, పాట తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చెప్తారు.

D/F# లాంటి గీత కార్డ్స్ విషయంలో జాగ్రత్త. గీతకి ఎడమవైపు ఉన్నది కార్డ్, కుడివైపు ఉన్నది బేస్‌లో వాయించే స్వరం. చేతిరాతలో ఇది D, F# అని రెండు కార్డ్స్‌లా కనిపించొచ్చు. G నుంచి Em కి దిగే చోట ఉంటే చాలావరకు అది ఒకటే కార్డ్: బేస్ G, F#, E అని మెట్లు దిగుతుంది, చెవికి వెంటనే తెలుస్తుంది.

ఈ దశలో స్కేల్ మార్చే పని పెట్టుకోవద్దు. "మా సింగర్‌కి A లో కావాలి" అనుకుంటే ముందు కాగితంలో ఉన్నది ఉన్నట్టు పూర్తిచేసి సేవ్ చేసుకుని, తర్వాత కాపీ తీసి మార్చండి. కాపీ చేస్తూ మారుస్తూ పోతే, తప్పు దొరికినప్పుడు అది చదవడంలో వచ్చిందో మార్చడంలో వచ్చిందో తెలియదు.

## 7. కార్డ్స్‌ని పైకి ఎత్తండి

ఇప్పుడు బ్రాకెట్ ఫైల్ కాపీ తీసుకోండి, అసలుది అలాగే ఉంచండి. నోట్‌ప్యాడ్‌లో వర్డ్ రాప్ ఆపేసి, స్టేటస్ బార్ ఆన్ చేయండి. కింద Ln, Col అని రెండు అంకెలు కనిపిస్తాయి. Col అంటే కర్సర్ ఎన్నో గడిలో ఉందో ఆ అంకె.

ఒక్కో లైనుకి ఇలా చేయండి:

1. లైను పైన ఒక ఖాళీ లైను వేయండి.
2. కింది లైన్లోంచి బ్రాకెట్లన్నీ తీసేయండి, కానీ బ్రాకెట్ లైను కళ్ల ముందు ఉండాలి, పక్కన ఇంకో విండోలో తెరిచి పెట్టుకోండి.
3. కార్డ్ మారే అక్షరానికి సరిగ్గా ముందు కర్సర్ పెట్టి Col అంకె చూడండి.
4. పై లైన్లోకి వెళ్లి ఆ అంకె వచ్చేదాకా స్పేస్ కొట్టి, కార్డ్ రాయండి.

మన మొదటి లైన్లో cheruvu ఒకటో గడిలో మొదలవుతుంది, gattuna తొమ్మిదిలో, saayan పదిహేడులో, tram ఇరవైమూడులో. రెండో లైన్లో gaali 1, paade 7, raagam 15. అమర్చాక:

```
G       Em      C     D
cheruvu gattuna saayantram
Am    D       G
gaali paade o raagam
```

ఎడమ నుంచి కుడికే వెళ్లండి. కుడివైపు కార్డ్ ముందు పెట్టి తర్వాత ఎడమవైపు ఇంకోటి చొప్పిస్తే, కుడివైపుది జరిగిపోతుంది. టాబ్ కీ అసలు వాడొద్దు, టాబ్ ఎంత వెడల్పో ఒక్కో ఎడిటర్ ఒక్కోలా చూపిస్తుంది.

ఒక చిక్కు తప్పక వస్తుంది: కార్డ్ పేరు పొడుగు, దాని కింద అక్షరం పొట్టి. రాగం మీద Gsus4, G రెండూ ఉన్నాయనుకోండి, రెండో అక్షరం నాలుగో గడిలోనే మొదలవుతుంది, కానీ మొదటి కార్డ్ పేరే ఐదు గడులు తినేస్తోంది. కార్డ్స్‌ని ఒకదాని మీద ఒకటి ఇరికించొద్దు, సాహిత్యాన్ని సాగదీయండి:

```
Gsus4 G
raa---gam
```

రెండు కార్డ్స్ మధ్య కనీసం ఒక స్పేస్ ఉండాలి. లేకపోతే C, D పక్కపక్కన పడి CD అయిపోతుంది, వాయించేవాళ్లు ఒక క్షణం ఆగిపోతారు.

లైను పొడుగు కూడా చూసుకోండి. ఫోన్‌లో చదువుకోవడానికైతే ఒక లైను 30 గడులు దాటకపోతే మంచిది. దాటితే ఫోన్ దాన్ని రెండుగా విరుస్తుంది, కార్డ్ లైను ఒక చోట, సాహిత్యం ఇంకో చోట విరిగి, మొత్తం కలగాపులగం అయిపోతుంది. మీరే ముందుగా మాట తెగే చోట, వీలైతే కార్డ్ మారే చోట విరవండి.

చరణాలకి కార్డ్స్ పూర్తిగా రాయండి. "ఇదే మాదిరి" అని వదిలేస్తే, రెండో చరణంలో అక్షరాల లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి ఏది ఎక్కడ మారుతుందో ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి. పల్లవి మాత్రం ఒకసారి రాసి, తర్వాత "పల్లవి" అని పేరు రాస్తే చాలు. లైను చివర ||2|| అని ఉంటే అది కూడా ఉంచండి, తీసేస్తే రెండోసారి పాడాలని ఎవరికీ తెలియదు.

## 8. తెలుగు లిపిలోనే కావాలంటే

రెండు దారులు. మొదటిది బ్రాకెట్లనే ఉంచేయడం:

```
[G]చెరువు [Em]గట్టున [C]సాయం[D]త్రం
[Am]గాలి [D]పాడే ఓ [G]రాగం
```

ఇందులో ఒకటే నియమం, అక్షరం మధ్యలో బ్రాకెట్ పెట్టకూడదు. సాయం[D]త్రం సరైనది. అదే త కీ దాని కింది వత్తుకీ మధ్యలో కర్సర్ పెట్టి బ్రాకెట్ కొడితే త్ అని పొల్లు మిగిలి, ర వేరే అక్షరంగా విడిపోతుంది. గుణింతం గుర్తుకి ముందు పెడితే ఆ గుర్తు చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది. అలా కనిపించిందంటే బ్రాకెట్ తప్పు చోట పడినట్టే.

రెండోది కార్డ్స్ పైనే ఉండాలి అనుకునేవాళ్లకి: కార్డ్ మారిన ప్రతిచోటా లైను విరిచేయండి. అప్పుడు ప్రతి కార్డ్ ఎడమ అంచునే ఉంటుంది, స్పేస్‌ల లెక్కే అక్కర్లేదు, ఏ ఫాంట్ అయినా జరగదు:

```
Am
గాలి
D
పాడే ఓ
G
రాగం
```

పేజీ పొడుగవుతుంది, నిజమే. కార్డ్స్ తక్కువగా మారే నెమ్మది పాటలకి ఇది బాగుంటుంది, వేగంగా మారేవాటికి బ్రాకెట్లే నయం.

## 9. సేవ్ చేయడం, పంపడం

ఫైల్‌ని .txt గా, ఎన్‌కోడింగ్ UTF-8 పెట్టి సేవ్ చేయండి. పైన పాట పేరు, స్కేల్, కేపో, తాళం ఒక్కో లైనులో రాయండి. బ్రాకెట్ ఫైల్, పైకి ఎత్తిన ఫైల్ రెండూ ఉంచుకోండి. రేపు ఏదైనా మార్చాల్సి వస్తే బ్రాకెట్ ఫైల్లో మార్చి, ఆ లైను ఒక్కటే మళ్లీ పైకి ఎత్తితే సరిపోతుంది.

వాట్సాప్‌లో మెసేజ్‌గా పంపితే అది మామూలు ఫాంట్ వాడుతుంది, అమరిక పోతుంది. పాట మొత్తానికి ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్ గుర్తులు పెడితే సమాన వెడల్పు ఫాంట్‌లో కనిపిస్తుంది. డాక్స్‌లోనో వర్డ్‌లోనో పెట్టాలంటే పేస్ట్ చేశాక పాట మొత్తం సెలెక్ట్ చేసి కొరియర్ న్యూ పెట్టండి. ప్రింట్ తీసి పంచేవాళ్లు అక్కడినుంచి పీడీఎఫ్ చేసుకుంటే ఇంక ఏదీ కదలదు.

## 10. తరచూ వచ్చే తప్పులు, వాటి మందు

లైను మొదట్లో సరిగ్గా ఉండి, కుడివైపుకి పోయేకొద్దీ కార్డ్స్ జరుగుతున్నాయి. ఫాంట్ సమాన వెడల్పుది కాదు. ఫాంట్ మార్చి చూడండి, స్పేస్‌లు ముట్టుకోవద్దు. స్పేస్‌లు సర్దితే ఆ ఒక్క ఫాంట్‌కే సరిపోయి, మిగతా అన్నిచోట్లా చెడిపోతుంది.

ఒక్క చోట మాత్రం పెద్ద ఖాళీ ఎగిరింది. ఎక్కడో టాబ్ దూరింది. ఆ ఖాళీ మీద బాణం కీ నొక్కుతూ వెళ్లండి, కర్సర్ ఒకేసారి దూకితే అది టాబే. తీసేసి స్పేస్‌లు పెట్టండి.

అన్ని కార్డ్స్ ఉన్నాయి గానీ ఒక లైను ఆలస్యంగా వినిపిస్తున్నాయి. ఫొటో వంకరగా ఉండి, కార్డ్ లైన్లు ఒక వరస కిందకి తప్పు చదివారు. మొదటి లైనుకి కార్డ్స్ ఉన్నాయా, చివరి లైను కింద కార్డ్స్ మిగిలిపోయాయా అని చూడండి.

పాటంతా రికార్డింగ్ కన్నా ఒకే దూరంలో తేడాగా ఉంది. కార్డ్స్ తప్పు కాదు, కేపో వదిలేశారు. ఒక్కో ఫ్రెట్ పైకి కేపో జరుపుతూ వాయించండి, ఎక్కడ కలిస్తే ఆ అంకె పైన రాయండి.

లైను మొదట్లో ఉండాల్సిన ఖాళీ పోయి, కార్డ్స్ ఎడమకి అతుక్కుపోయాయి. పేస్ట్ చేసినచోట మొదటి స్పేస్‌లు కోసేశారు. పాట పేరుతో మొదలుపెట్టి, బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి. అదీ కుదరకపోతే ఫైల్‌గానే పంపండి.

## పంపేముందు ఒక్కసారి

- మూడో మెట్టులో రాసుకున్న కార్డ్ లెక్క ప్రతి లైనుకీ సరిపోయిందా?
- 0, 6, 8, rn లాంటివి కార్డ్ లైన్లలో ఎక్కడైనా మిగిలాయా? Find లో వెతకండి
- ప్రతి కార్డ్ మొదటి అక్షరం, పాడే అక్షరం మొదటి గడి మీదే ఉందా?
- లైన్లు 30 గడుల లోపే ఉన్నాయా?
- స్కేల్, కేపో, తాళం పైన రాశారా?
- వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి చూశారా?